అరికాలి తెలుపు

నేను చర్మ వైద్యుణ్ణి కాను. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. మా బంధువులే దాన్ని అంతగా పట్టించుకోలేదు.

నర్సీపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సు వెనక సందులో ఒక చర్మవ్యాధుల క్లినిక్కు ఉంది. డాక్టరు మేడం ప్రతి బుధవారం విశాఖపట్నం నుంచి వస్తారు. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది నేను, ఒక ఫ్యాను, చర్మాన్ని నిలువునా కోసి చూపించే గోడ బొమ్మ. నేను బీయస్సీ జువాలజీ. టోకెన్లు రాయడం, వచ్చినవాళ్ళ బాధ ఏమిటో ఒక్క ముక్కలో చీటీమీద పెట్టడం, తామరకూ గజ్జికీ తేడా తెలిసినట్టు ముఖం పెట్టడం నా పని. ఏడేళ్ళు అదే ముఖం పెట్టేసరికి నిజంగానే కొంత తెలిసింది. అసలేమీ తెలియకపోయినా బాగుండేది.

బుధవారం క్లినిక్కులో కాలు పెట్టే చోటుండదు. అందుకని మా వాళ్ళెవరైనా వస్తే టోకెను రాయకుండా నేనే చూసి పంపేసేవాణ్ణి. అది అభిమానం అనుకున్నాను. వాళ్ళూ అలాగే అనుకున్నారు. ఆ అభిమానం ఖరీదు మా పిన్ని కాలు అయింది, ఆ తర్వాత పిన్ని మొత్తం అయింది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. కోటవురట్ల వైపు ఒక పల్లెలో ఉండేది. ఊరి చివర రేకుల షెడ్డులో జీడిపిక్కలు కాల్చి కొట్టే బట్టీ ఉంది. పిన్ని అక్కడ ఇరవై ఏళ్ళుగా పిక్కలు కొట్టేది. పెంకులో ఉండే జీడిరసం ఒంటికి తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, నల్లగా పట్టేస్తుంది. ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చుంటారు. అయినా నెలలో ఒకసారి అరచేతులు నల్లబడి, ఎండి, ఉల్లిపొరలా ఊడతాయి. కింద మళ్ళీ తెల్లటి చర్మం. అరచెయ్యి ఎంత నల్లగా ఉందో చూసి, ఎవరు ఎన్నాళ్ళనుంచి పనిలోకి వస్తున్నారో వాళ్ళు చెప్పేస్తారు. హాజరు పట్టీ అక్కర్లేదు.

నలుపులో మా కుటుంబానికి చుట్టుపక్కల పోటీ లేదు. పిన్ని మాలోనూ ముందు వరస. అంత నలుపు మీద, చర్మం ఊడిన అరచేతులు తెల్లగా మెరిసేవి. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి వెళ్తే ఆ రెండు చేతులూ నా ముందు చాపింది.

"ఒరే, సదువుకున్నోడివి గదా, సెప్పు. ఒళ్ళంతా ఇంత నలుపుంటే అరిసేతులు, అరికాళ్ళు మాత్రం ఇలాగెందుకుంటాయిరా?"

మా బాబాయి మంచంమీంచి జవాబిచ్చాడు. "పనికి అరిగిపోతాయి. అరిగితే ఏదైనా తెల్లగైపోద్ది."

"అయితే నీ సేతులు నల్లగా ఉండాల," అంది పిన్ని, అటు తిరగకుండానే.

బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఎండ తగలని చోట చర్మం నల్లబడదని చెప్పాను. మాటకి బరువు ఉండాలని కొంచెం ఇంగ్లీషు కూడా కలిపాను.

పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది. "మరి సంకలో ఎండ తగుల్తాదా?"

"తగలదు."

"సంక తెల్లగుంటాదేటి?"

ఉండదు. ఏడో తరగతి దాటని మనిషి ఒక్క చంకతో నా సిద్ధాంతాన్ని పడగొట్టింది. ఓడిపోవడం ఇష్టంలేక, అప్పటికప్పుడు తోచింది చెప్పాను. "అసలు అరిచేతుల్లో, అరికాళ్ళలో రంగు కణాలే ఉండవు పిన్నీ. పుట్టుకతోనే ఉండవు. అందుకే తెలుపు."

"అదీ, అలా సెప్పు," అంది. ఆ మాట ఆవిడ నమ్మింది. దానిలో ఆశ్చర్యం లేదు. నేను కూడా నమ్మాను. అదే ఆశ్చర్యం.

ఆ మాట తర్వాత ఏడాదికి, వానాకాలంలో, పిన్ని క్లినిక్కుకి వచ్చింది. బుధవారం కాదు. ఎడమకాలి మడమకి కొంచెం ముందు, అరికాల్లో, చింతపిక్కంత నల్లమచ్చ. నొప్పి లేదు, దురద లేదు. అంచులు ఒకవైపు చిక్కగా, ఒకవైపు పలచగా పారినట్టున్నాయి. బట్టీలో పెంకుల మధ్య చెప్పులు లేకుండా తిరుగుతుంది. పక్కన కూర్చునే ఆడవాళ్ళు దాన్ని చూసి జీడిమరక అన్నారు. నేనూ చూశాను. రంగు కణాలు లేని చోట నలుపు ఎక్కడినుంచి వస్తుంది? బయటినుంచే రావాలి. నా తర్కంలో ఎక్కడా లోపం లేదు, మొదటి మెట్టు తప్ప.

"జీడిమరకే. ఆముదం రాసుకో. అరికాలి చర్మం దళసరి, అరిచేతిలా బేగి ఊడదు. రెండు నెలలు పడుతుంది," అన్నాను.

"మేడంగారికి సూపించక్కర్నేదా?"

"మరక చూపించడానికి బుధవారం పని మానుకుని వస్తావా?"

"నిజవే," అని ఆముదం సీసా అడిగింది. నా దగ్గర లేదు. కిరాణా కొట్లో కొనుక్కుని వెళ్ళింది.

రెండు నెలల తర్వాత ఒక పెళ్ళిలో కలిస్తే కాలు చూపించింది. మచ్చ పోలేదు. ఒక పక్కకి కాస్త జరిగినట్టు కూడా ఉంది. పాత మరక పోయేలోగా కొత్త మరక పడుతోందన్నాను. రోజూ అవే పెంకుల్లో తిరుగుతుంటే ఎలా పోతుంది మరి. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అంతమంది కలిసి ఒక నిజాన్ని కనబడకుండా చెయ్యడం మాత్రం చూశాను. అందులో నా చదువు అందరికన్నా ముందు నిలబడింది.

మాఘమాసంలో మచ్చ మధ్యన చిన్న బుడిపె లేచి, పగిలి, చెమ్మ కారడం మొదలైంది. పెంకు గుచ్చుకుందనుకుని పిన్ని పసుపు పెట్టి కట్టింది. పది రోజులకీ మానలేదు. అప్పుడు బుధవారం వచ్చింది. ఈసారి టోకెను రాశాను. చీటీలో బాధ రాసే చోట "జీడిమరక" అని రాసి, కొట్టేసి, "అరికాలి పుండు" అని రాశాను. ఆ కొట్టివేత మేడం చూశారో లేదో తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

మేడం పిన్ని కాలిని తన ఒళ్ళోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, పుండుకి దూరంగా నలుపు ఉన్న చోట చిన్న బ్లేడు మొద్దు అంచుతో పైపొర గీకారు. తెల్లటి పొట్టు రాలింది, నలుపు అలాగే ఉంది. మరక అయితే పొట్టుతోపాటే వచ్చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ పరీక్షకి అరనిమిషం పట్టింది. మా బల్లమీద ఆ బ్లేడు ఏడేళ్ళుగా ఉంది.

తర్వాత భూతద్దంలాంటి, లోపల దీపం ఉన్న పరికరం పెట్టి చాలాసేపు చూశారు. నన్ను కూడా పిలిచి చూడమన్నారు.

"వేలిముద్రలో ఉన్నట్టు గట్లూ చాళ్ళూ కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి మేడం."

"మామూలు పుట్టుమచ్చ అయితే నలుపు సాధారణంగా చాళ్ళలో ఉంటుంది. ఇక్కడెక్కడుంది?"

"గట్లమీద."

ఆవిడ పరికరం పక్కన పెట్టారు. "అమ్మా, ఒకసారి పడుకోండి," అని, తెర లాగి, పిన్ని గజ్జల్లో చెయ్యి పెట్టి చూశారు. ఎడమ గజ్జలో ఉసిరికాయంత గడ్డ ఉందట. పిన్ని తనకి అది ముందే తెలుసంది. కాలికి పుండు ఉంటే గజ్జల్లో బిళ్ళలు కట్టడం మామూలే కదా అంది. అది కూడా మాలో ఎవరో చెప్పిన మాటే.

మేడం విశాఖలో పెద్దాసుపత్రికి ఉత్తరం రాశారు. ముక్క తీసి పరీక్ష చెయ్యాలన్నారు. పిన్ని బయట బల్లమీద కూర్చున్నాక నేను తలుపు దగ్గర నిలబడి అడిగాను. "అరికాల్లో రంగు కణాలు ఉండవు కదా మేడం?"

ఆవిడ పెన్ను మూత పెట్టారు. కోప్పడితే బాగుండేది. మామూలుగా చెప్పారు.

"ఉంటాయి. తక్కువ ఉంటాయి. ఎంత నల్లటి మనిషికైనా. అరికాలి చర్మానికి కింది పొరలో ఉండే కణాలు ఒక పదార్థాన్ని వదులుతుంటాయి. అది పైనున్న రంగు కణాల్ని పెద్దగా పెరగనివ్వదు. రంగు ఎక్కువ తయారు చెయ్యనివ్వదు. తయారైన కాస్త రంగునీ పక్క కణాలు అందుకోకుండా చేస్తుంది. చర్మం దళసరిగా ఉండడానికి కూడా కొంత అదే కారణం. ఆ దళసరి మనకి ఇంకొంచెం తెల్లగా చూపిస్తుంది. అంతే. అణిగి ఉన్నాయి. లేకపోవడం వేరు, అణిగి ఉండడం వేరు."

"ఎండవల్ల వస్తుందంటారు కదా చర్మ క్యాన్సరు. నల్లటివాళ్ళకి రాదని..."

"ఎండవల్ల వచ్చే రకం మనకి తక్కువ. ఇది ఎండ తగలని చోట వచ్చే రకం. ఎందుకొస్తుందో పూర్తిగా తెలీదు. మనవాళ్ళకి వస్తే ఎక్కువ ఇక్కడే వస్తుంది, అరికాలు, అరిచెయ్యి, గోరు కింద. ఎవరూ చూడరు. ఒళ్ళు ఎంత నల్లగా ఉన్నా అరికాలు తెల్లగానే ఉంటుంది కాబట్టి నిజానికి బాగా కనిపించాలి." ఉత్తరం మడిచి నాకిచ్చారు. "ఎన్నాళ్ళనుంచి ఉందట?"

"ఎనిమిది నెలలు."

"ముందు ఎవరైనా చూశారా?"

చూశారన్నాను. ఎవరని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. తర్వాతి టోకెను పిలిచాను.

పెద్దాసుపత్రిలో పదిహేను రోజులకి కాగితం వచ్చింది. మెలనోమా, రంగు కణాలకి వచ్చే క్యాన్సరు. పేరు వినడానికి ఆడపిల్ల పేరులా ఉంది. మడమ దగ్గర మాంసం లోతుగా తీశారు, గజ్జల్లో బిళ్ళలు తీశారు. తీసిన బిళ్ళల్లో కూడా అది ఉందన్నారు. మడమ గుంటకి తొడమీంచి చర్మం తీసి అతికారు. అది అతుక్కుంది. మాకు జరిగిన మంచి అదొక్కటే కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

కట్లు విప్పిన రోజు పిన్ని కాలు పైకెత్తి చూసుకోలేకపోయింది. నేను ఫోనుతో ఫోటో తీసి చూపించాను. తెల్లటి అరికాలి మధ్య, నల్లటి తొడ చర్మం ఒక ముక్క. పాత చాపకి వేరే చాప అతుకు వేసినట్టుంది.

"ఇదేట్రా, నలుపు మల్లీ వచ్చేసిందా?" అంది.

"కాదు పిన్నీ. ఇది తొడ. తొడ రంగు."

"కాల్లో పెట్టినాక కాలి రంగు రావాల గదా?"

ఈసారి తోచింది చెప్పలేదు. మేడాన్ని అడిగి వచ్చాను. తొడ చర్మం పైపొర ఒక్కటే కాకుండా, దాని కింది పొర కూడా కొంత వచ్చింది. తెల్లగా ఉండమని చెప్పే అరికాలి కింది పొరని జబ్బుతోపాటు కోసేశారు. ఇక దానికి చెప్పేవాళ్ళు లేరు. తొడలో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంటుంది. ఇదంతా వచ్చి పిన్నికి చెప్పాను.

"అంటే అదింకా తొడలోనే ఉన్నాననుకుంటన్నాది," అంది.

"అంతే."

"దానికి ఎవలూ సెప్పనేదన్నమాట." ఫోనులో ఫోటో వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "మంచిదే. ఎక్కడున్నాదో దానికి తెలీకపోతేనే నయం."

అది హాస్యమే. మా ఇంట్లో హాస్యం నా సొత్తు అనుకునేవాణ్ణి. ఎవరిదగ్గర నేర్చుకున్నానో అప్పుడు తెలిసింది.

మచ్చ మళ్ళీ వస్తుందేమో చూస్తూ ఉండమన్నారు. పిన్ని ప్రతి ఆదివారం ఫోటో తీయించుకునేది. నల్ల ముక్కమీద నలుపు వస్తే ఎలా తెలుస్తుంది, అది ఆవిడ భయం. అరికాలు తెల్లగా ఉన్నప్పుడే మేం చూడలేకపోయాం, ఇప్పుడెలా చూస్తాం, అది నాది. రెండూ అవసరం లేకపోయాయి. అయిదో నెలలో మడమకీ మోకాలికీ మధ్య పిక్కమీద మిరియపు గింజల్లాంటి నల్లటి బుడిపెలు నాలుగు లేచాయి. చేత్తో తడిమితే తెలిశాయి. కాలు అప్పటికే బిళ్ళలు తీసినందువల్ల వాచి, అరటిబోదెలా ఉండేది. స్కానులో ఊపిరితిత్తుల్లో మచ్చలన్నారు. ఇంజక్షన్లు పెట్టారు. మూడు పడ్డాయి. నాలుగోదానికి ముందు మళ్ళీ స్కాను తీసి, పని చెయ్యడంలేదని ఆపేశారు.

ఆ రోజు ఆసుపత్రిలో పిన్ని డాక్టరు గది బయట నన్ను పట్టుకుంది. "నువ్వు లోపలకి రాకు. నీకు సెప్తే నాకు సగమే సెప్తావు." ఒక్కతే లోపలకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో బయటకి వచ్చింది. బస్సులో తాళ్లపాలెం దాకా వచ్చాం. అక్కడ బస్సు ఆగినప్పుడు, "ఏటి సెప్పాడో అడగవేటి?" అంది.

"ఏం చెప్పాడు?"

"మందుల్నేవు, నొప్పికి మాత్తరం ఇస్తామన్నాడు. మంచోడే. మొకం మీదే సెప్పాడు." కిటికీవైపు తిరిగింది. "నువ్వు కూడా ఆ మొదటి రోజు, నాకు తెలీదు పిన్నీ, అని ఉంటే బాగుండేది."

అరవలేదు, ఏడవలేదు. కూర ఉప్పు తక్కువైందన్నట్టు అంది. నేను అవునన్నాను.

నాలుగు రోజుల తర్వాత పిన్ని ఫోను చేసింది. బట్టీలో ఉన్న ఆడవాళ్ళందరినీ మేడంగారికి చూపించాలంది. "అరికాళ్ళు సూపించమని సెప్పాను. రామంటన్నారు. నా కాలు సూపించాను. వస్తామన్నారు."

బుధవారం పదకొండు మంది ఆటోల్లో వచ్చారు. నేను అందరికీ టోకెన్లు రాశాను. చీటీల్లో బాధ రాసే చోట ఏమీ రాయలేదు. నల్లటి ఆడవాళ్ళు పదకొండు మంది, తెల్లటి అరికాళ్ళు ఇరవై రెండు, అన్నిటిమీదా నల్లటి మచ్చలు. బయట వరండాలో ఒకర్నొకరు వెక్కిరించుకున్నారు. "నీ కాలు మేడంగారి ఒల్లో పెడితే ఆవిడ మల్లీ ఈ ఊరు రాదే," అని ఒకావిడ. "నీది కడుక్కొని వచ్చావేటి, పెల్లిసూపులకి లాగ," అని ఇంకొకావిడ. చేతులూ కాళ్ళూ ఆరుబయట పెట్టుకుని కూర్చున్నారు. చర్మం మీద నమ్మకం ఉన్న మనుషులు అలాగే కూర్చుంటారు.

మేడం ఒక్కొక్కరిదీ గుడ్డతో తుడిచి, గీకి, అద్దం పెట్టి చూశారు. గీకినప్పుడల్లా పొట్టుతోపాటు నలుపు రాలింది. బల్లకింద కాగితంమీద చిన్న కుప్ప అయింది. ఒకావిడకి పుట్టుమచ్చ ఉంది. చాళ్ళలోనే ఉంది. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. అంతా అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. ఆ కుప్పని నేను ఊడ్చాను.

సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్ళాను. మంచంమీద, వాచిన కాలు రెండు దిళ్ళమీద పెట్టుకుని పడుకుని ఉంది. మాట్లాడితే ఆయాసం వస్తోంది. బాబాయి నాకు కుర్చీ వేసి బయటకి వెళ్ళిపోయాడు.

"అందరూ వచ్చారేటి?"

"వచ్చారు. పదకొండు మంది."

"అందరివీ సూసారా?"

"చూశారు. అన్నీ మరకలే. ఒక్కటి పుట్టుమచ్చ, అదీ మంచిదే."

"మరెవలినీ పెద్దాసుపత్రికి పొమ్మన్లేదు గదా?"

"లేదు."

తల దిండులోకి వదిలేసింది. నిజంగానే తేలికపడిందని నాకనిపించింది. అలా అనిపించడం నాకు వీలుగా ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మను.

"మంచిదేరా," అంది. ఊపిరి తీసుకుని, "అందరివీ మరకలే. నాదొక్కటే అన్నమాట," అంది.

అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియలేదు. తెలియదనే చెప్పాను. దిండుమీంచి జారిన కాలు ఎత్తి మళ్ళీ పెట్టాను. అది చాలా బరువుగా ఉంది.